వెనక ఆగితేనే ముందు అందుకుంటుంది

మీడియం క్రాపు ఉన్న కుర్రాడు జుట్టు పెంచాలనుకుంటే మొదట చేసే పని సెలూన్‌కి వెళ్లడం మానేయడం. మూడు నెలలు గడిచేసరికి చెవుల మీద జుట్టు రెండు వైపులా ఉబ్బుతుంది. మెడ వెనక పాయలు చొక్కా కాలరుకు తగిలి పైకి మెలి తిరుగుతాయి. ముందు జుట్టేమో కళ్లలో పడుతుంటుంది, వెనక్కి దువ్వితే నిలవదు. ఇంట్లో అమ్మ రోజూ ఏదో ఒకటి అంటూనే ఉంటుంది. చివరికి ఒక ఆదివారం విసిగిపోయి సెలూన్ కుర్చీలో కూర్చుని, "మామూలుగా కొట్టెయ్ అన్నా" అంటాడు. మూడు నెలలు పెంచింది పది నిమిషాల్లో నేల మీద పడుతుంది. తన జుట్టు "రఫ్" కాబట్టి పెంచడానికి పనికిరాదని కూడా అప్పుడే తేల్చేసుకుంటాడు.

ఆ జుట్టు చాలాసార్లు బాగానే పనికొస్తుంది. అలలు అలలుగా ఉండే జుట్టు నుదుటి మీంచి వెనక్కి లేచి, చెవుల పక్కగా జారి, మెడ దగ్గర చిన్న వంపు తిరిగి ఆగడం మగవాళ్లకు ఎంతో నప్పే తీరు. దాన్ని రప్పించాలంటే పెంచుతున్న కాలంలోనే కత్తెర పడాలి. ఎక్కడ పడాలి, ఎంత పడాలి అన్నదే అసలు విషయం.

ముందుగా మీది అలల జుట్టేనా అన్నది చూసుకోవాలి. మనలో చాలామందికి ఇది తెలియదు. పొట్టిగా కత్తిరించుకుంటూ, తలస్నానం కాగానే తువ్వాలుతో గట్టిగా రుద్ది, ఆరిన తర్వాత సన్న పళ్ల దువ్వెనతో దువ్వే అలవాటు మనది. అలా చేస్తే అల చెదిరిపోయి పొగలా లేచిన జుట్టు మిగులుతుంది. ఒక సెలవు రోజున తలస్నానం చేసి కండిషనర్ పెట్టి, తడి మీదే వెడల్పు పళ్ల దువ్వెనతో ఒకసారి వెనక్కి దువ్వండి. ఇక చెయ్యి పెట్టకుండా గాలికి ఆరనివ్వండి. పాయలు మెలి తిరగకుండా అటూ ఇటూ వంపులు తిరుగుతూ ఆరితే అది అలల జుట్టు. స్ప్రింగులా చుట్టుకుంటే ఉంగరాల జుట్టు. ఉంగరాల జుట్టుకు ఇక్కడ చెప్పే కొలతలు చాలవు, ఎందుకంటే అది కిందికి జారేకంటే బయటికి విచ్చుకోవడానికే చూస్తుంది. మరీ నిటారు జుట్టు లెక్క కూడా వేరు. 2005 ఏప్రిల్‌లో విశాఖపట్నంలో పాకిస్తాన్ మీద ధోని 148 పరుగులు చేసిన తర్వాత ఆ పొడవు జుట్టు కావాలని మన కుర్రాళ్లు ఎందరో ఉబలాటపడ్డారు. అది భుజాల మీదికి తిన్నగా జారే జుట్టు. అదే పొడవు అలల జుట్టుకు ఇస్తే అలా జారదు, పక్కలకు విచ్చుకుంటుంది. ఫొటో చూపించి "ఇలా చెయ్యి" అనేముందు ఆ ఫొటోలో ఉన్న జుట్టు మీ జుట్టు లాంటిదేనా అన్నది చూసుకోండి.

ఇక లెక్కలోకి వద్దాం. తల మీద జుట్టు సగటున నెలకు అర అంగుళం పెరుగుతుంది. కొందరికి కాస్త ఎక్కువ, కొందరికి తక్కువ. నూనెలు మార్చినంత మాత్రాన ఈ వేగం చెప్పుకోదగ్గంత మారదు. ఒక కుర్రాడికి ఇప్పుడు ముందు జుట్టు 4 అంగుళాలు, నడినెత్తిన మూడున్నర, చెవుల పైన ఒకటిన్నర, మెడ దగ్గర ఒక అంగుళం ఉన్నాయనుకుందాం. మన సెలూన్లలో మీడియం కట్ అంటే దాదాపు ఇదే. ఈ కొలతలన్నీ పాయను వేళ్ల మధ్య పట్టి నిటారుగా లాగినప్పటివి. వదిలేస్తే అల దాన్ని పైకి లాక్కుంటుంది, కాబట్టి కంటికి ఇంకా పొట్టిగా కనబడుతుంది. అతను చేరుకోవలసింది ముందు 8 అంగుళాలు, అంటే లాగితే గడ్డం దాకా వచ్చేంత. చెవుల పైన 6, మెడ దగ్గర 4. ముందు జుట్టుకు ఎనిమిది నెలలు పడుతుంది. పక్కలకు తొమ్మిది. మధ్యలో చివర్లు కత్తిరించేది కూడా కలుపుకుంటే పది నెలల పని. అంతకంటే త్వరగా అవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

చిక్కంతా ఎక్కడుందంటే, జుట్టు అంతటా దాదాపు ఒకే వేగంతో పెరిగినా ఒకే సమయంలో పొడవుగా కనబడదు. మెడ దగ్గరి జుట్టు మొలిచేదే తలకు అట్టడుగున. అక్కడ మూడు అంగుళాలు వచ్చేసరికి కాలరు దాటిపోతుంది. నుదుటి దగ్గరి జుట్టు వెనక్కి వెళ్లి నెత్తి దాటి కిందికి రావాలంటే ఎంతో దూరం ప్రయాణించాలి. అక్కడ మూడు అంగుళాలు పెరిగినా ఏమీ కనబడదు. దేన్నీ ముట్టుకోకుండా వదిలేస్తే నాలుగో నెలకు వెనక తోక వేలాడుతుంటుంది, ముందు మామూలు క్రాపే ఉంటుంది. అందుకే పెంచే కాలంలో కత్తెర పని ప్రధానంగా మెడ దగ్గర. వెనక భాగాన్ని ఆపి ఉంచాలి. ముందూ పక్కలూ వచ్చి దాన్ని అందుకునేదాకా ఆపి ఉంచాలి.

మన కుర్రాడి విషయంలో అది ఇలా నడుస్తుంది. రెండో నెల చివర సెలూన్‌కి వెళ్తాడు. అప్పటికి మెడ దగ్గర రెండు అంగుళాలు ఉంటాయి. పొడవు అంతగా పోనక్కర్లేదు. మెడ మీద కిందికి పాకిన నూగు శుభ్రం చేసి, చెవి చుట్టూ చెవిని కప్పేస్తున్న అంచును కత్తెరతో సరిచేస్తే చాలు. నాలుగో నెలలో మెడ దగ్గర మూడు అంగుళాలు అవుతుంది. ఒక అంగుళం తీసేసి మళ్లీ రెండుకు తెస్తారు. అదే రోజు ముందు జుట్టు ఆరు అంగుళాలు, పక్కలు మూడున్నర ఉంటాయి. వాటిని ముట్టుకోరు. ఆరో నెలలో మెడ మళ్లీ మూడుకు వస్తుంది, రెండుంబావుకు తగ్గిస్తారు. ఈసారి తలంతా చివర్లు ఒక అర అంగుళం కూడా తీస్తారు, ఎందుకంటే ముందు పాయల చివర్లు అప్పటికి చాలా నెలల పాతవి, చిట్లడం మొదలై ఉంటుంది. ఆ తర్వాత మెడను వదిలేయవచ్చు. పక్కలు కిందికి జారి మెడ జుట్టుతో కలిసిపోయేది అప్పుడే. పదో నెలకు మెడ దగ్గర నాలుగు అంగుళాల పైచిలుకు ఉంటుంది. ముందు ఎనిమిదిన్నర, పక్కలు ఆరు. ఆ నెలలోనే అసలైన ఆకారం కట్ చేయించుకోవాలి.

మధ్యలో మూడో నెల నుంచి ఆరో నెల దాకా ఉండే ఉబ్బు గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎక్కువమంది ఓడిపోయేది అక్కడే. చెవుల పైన, కణతల దగ్గర జుట్టు మొలిచే దిశే కొంచెం బయటికి ఉంటుంది. రెండున్నర, మూడు అంగుళాల దగ్గర ఆ జుట్టుకు వంగేంత పొడవు వచ్చింది గాని, వంగి కిందికి జారేంత బరువు రాలేదు. దానికి తోడు అల దాన్ని బయటికి నెడుతుంది. అందుకే తల పక్కల నుంచి వెడల్పుగా కనబడుతుంది. అయిదు అంగుళాలు దాటాక బరువు గెలుస్తుంది, జుట్టు దానంతట అదే కిందికి దిగుతుంది.

ఆ ఉబ్బు చూడగానే సెలూన్‌లో వచ్చే మాట ఒకటుంది. "తమ్ముడూ, పక్కల బాగా ఒత్తుగా ఉంది, లైట్‌గా థిన్నింగ్ చేసేస్తా, తేలికవుతుంది." అంటూ పళ్లున్న కత్తెర అందుకుంటారు. అన్న మంచి మనసుతోనే అంటాడు. నిటారుగా ఒత్తుగా ఉన్న జుట్టుకు ఆ కత్తెర బాగానే పనిచేస్తుంది. అలల జుట్టుకు మాత్రం కీడు చేస్తుంది. ఆ కత్తెర ఒక పాయలో కొన్ని వెంట్రుకలను మధ్యలోనో కుదుళ్ల దగ్గరో తెగ్గోసి, పక్కవాటిని వదిలేస్తుంది. ఆ రోజు జుట్టు తేలిగ్గా, చక్కగా అణిగి కనబడుతుంది. మూడు నాలుగు వారాలకు తెగిన వెంట్రుకలు కాస్త పెరిగి, పొడవు వెంట్రుకల కింద మోడుల్లా నిలబడి వాటిని బయటికి నెడతాయి. ఉబ్బు ముందుకంటే పెరుగుతుంది. పాయలో వెంట్రుకలన్నీ కలిసి వంపు తిరిగితేనే అల కనబడుతుంది. మధ్య మధ్య తెగిపోతే పాయ పాయగా ఉండక పీచులా విడిపోతుంది. ఇది మీకు జరిగిందో లేదో తెలుసుకోవాలంటే కిటికీ దగ్గర వెలుతురులో ఒక పాయను పైకి పట్టి చూడండి. చివరి వరకు ఒకే మందంతో వస్తే మంచిదే. మధ్యలోంచి పొట్టి వెంట్రుకలు అటూ ఇటూ లేచి నిలబడితే థిన్నింగ్ ఎక్కువైనట్టు. దానికి మందు కాలమొక్కటే.

మరి ఉబ్బు తగ్గించే దారి లేదా అంటే ఉంది. తల పక్కల అన్నిటికన్నా వెడల్పుగా ఉండే గీత ఒకటుంది, కణతల పై నుంచి వెనక్కి వెళ్తుంది. ఆ గీత పైన ఉన్న జుట్టును పైకెత్తి క్లిప్పు పెట్టమనండి. దాని కింద, ముఖ్యంగా చెవుల వెనక ఉన్న లోపలి పొరను మామూలు కత్తెరతోనే, కత్తెర మొనను నిలువుగా పట్టి పాయ చివరి అంగుళంలో చిన్న చిన్న గాట్లు పెట్టినట్టు కత్తిరించమనండి. పై పొర ముట్టుకోరు కాబట్టి అల చెదరదు, లోపలి పొర పలచబడుతుంది కాబట్టి పై పొర తలకు దగ్గరగా కూర్చుంటుంది. పక్కల మెషిన్ మాత్రం పెట్టనివ్వకండి. పక్కలు ఒకసారి జీరో చేస్తే ఆ ఆరు అంగుళాల లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

కుర్చీలో కూర్చోగానే ఏం చెప్పాలో ముందే అనుకుని వెళ్లడం మంచిది. "పెంచుతున్నా, కొంచెం సెట్ చెయ్యి" అంటే ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకుంటారు. "అన్నా, ముందూ పక్కలా పొడవు తీయొద్దు. మెడ దగ్గర మాత్రం ఒక అంగుళం తగ్గించు. మెషిన్ వద్దు, థిన్నింగ్ వద్దు. చెవి దగ్గర అంచు కత్తెరతోనే సరిచెయ్యి" అని చెప్పండి. అంగుళమంటే ఎంతో వేలితో చూపించండి. చాలా గొడవలు ఆ ఒక్క అంగుళం దగ్గరే వస్తాయి.

ఇంకో జాగ్రత్త తడి గురించి. మన సెలూన్లలో నీళ్లు చల్లి దువ్వి కత్తిరించడం రివాజు. అలల జుట్టు తడిస్తే సాగి నిటారుగా కనబడుతుంది. అప్పుడు కాలరు దగ్గరికి సమంగా కత్తిరిస్తే, ఆరాక అల తేలి మెడ మధ్యదాకా ఎక్కిపోతుంది. పైగా అల అంతటా ఒకేలా ఉండదు. చాలామందికి వెనక వైపు గట్టిగా, పైన మందంగా ఉంటుంది. అందువల్ల తడి మీద సమంగా ఉన్న అంచు ఆరాక ఎగుడుదిగుడు అవుతుంది. కుదిరితే ఆరిన జుట్టు మీదే, దాని సహజమైన వంపులో ఉన్నప్పుడే అంచు కత్తిరించమనండి. తడి మీదే చేస్తామంటే అడిగిన దాంట్లో సగమే తీయమనండి. ఆరిన తర్వాత మిగతా సగం చూసుకోవచ్చు.

పదో నెలలో చేయించుకునే ఆకారం కట్ దగ్గరికి వద్దాం. అప్పటికి నడినెత్తి జుట్టు కూడా ఎనిమిది అంగుళాలకు వచ్చి ఉంటుంది. అన్నీ ఒకే అంచుకు పడేలా వదిలేస్తే బరువంతా కిందికి చేరి, పైన చప్పగా అణిగి, చెవుల కింద త్రికోణంలా విచ్చుకుంటుంది. అద్దంలో ఎదురుగా నిలబడితే వెంటనే తెలుస్తుంది. దీన్ని సరిచేయాలంటే లేయర్లు కావాలి. నడినెత్తి పాయలను తలకు నిటారుగా పైకి లాగి ఏడు అంగుళాల దగ్గర కత్తిరించి, అక్కడి నుంచి ముందుకు వెళ్లేకొద్దీ పొడవు వదులుతూ నుదుటి దగ్గర ఎనిమిది ఉంచాలి. అప్పుడు ముందు జుట్టు వెనక్కి పోయి కింది పొర మీద మెత్తగా వాలుతుంది. లేయర్లు పొట్టిగా పెట్టడం మాత్రం తప్పు. పైన నాలుగు అయిదు అంగుళాలకు తగ్గిస్తే ఆ పొర గొడుగులా లేచి నిలబడుతుంది, కింద పలచటి తోక మిగులుతుంది. నడినెత్తిన సుడి ఉన్నవాళ్లయితే సుడి చుట్టూ ఉన్న పాయలు మిగతావాటికంటే పొడవుగా ఉండాలి. పొట్టిగా కత్తిరించిన సుడి నిక్కబొడుచుకుంటుంది, ఎంత నీళ్లు పెట్టినా కూర్చోదు.

జుట్టు వెనక్కి జారడం అన్నది కత్తెరతో సగమే వస్తుంది. మిగతా సగం ఆరబెట్టడంలో ఉంది. వెంట్రుక తడిసినప్పుడు దాని లోపలి హైడ్రోజన్ బంధాలు విడిపోతాయి, ఆరుతున్నప్పుడు మళ్లీ కట్టుకుంటాయి. ఏ వంపులో ఆరితే ఆ వంపులోనే అవి కట్టుకుంటాయి. మళ్లీ తడిసేదాకా, లేదా గాలిలో తేమ బాగా పెరిగేదాకా ఆ ఆకారం నిలుస్తుంది. కాబట్టి స్నానం తర్వాత ఆ పావుగంటే ముఖ్యం. షాంపూ వారానికి రెండు మూడు సార్లు చాలు, మాడుకు మాత్రమే. కండిషనర్ ప్రతిసారీ, కుదుళ్లు వదిలేసి సగం నుంచి చివరి దాకా. అది తల మీద ఉన్నప్పుడే వెడల్పు దువ్వెనతో చిక్కు తీసి, నుదుటి నుంచి వెనక్కి దువ్వి కడగండి. తువ్వాలుతో రుద్దకండి. పాత నూలు బనియనుతో పిడికిట పట్టి నీళ్లు పిండండి. వేళ్లతో ముందు జుట్టును వెనక్కి లేపి, పాపిడి మరీ నడిమికి రాకుండా కాస్త పక్కకు తీసి వదిలేయండి. పూర్తిగా ఆరేదాకా చెయ్యి పెట్టకూడదు. మధ్యలో దువ్వితే అల విడిపోతుంది. ఆరిన తర్వాత వేళ్లతో ఒకసారి విదిలిస్తే చాలు.

మన వాతావరణం దీనికి రెండు చిక్కులు తెస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర ప్రాంతాల్లో గాలిలో తేమ ఎక్కువ. పొద్దున కుదిరిన వంపు మధ్యాహ్నానికి ఉబ్బుతుంది. అక్కడి వాళ్లు తడి జుట్టు మీదే కొంచెం క్రీమో జెల్లో రాసి ఆరబెట్టుకోవడం మంచిది. హైదరాబాదులో బోరు నీళ్ల మీద బతికే ఇళ్లలో చిక్కు వేరే. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వెంట్రుక మీద పొరలా పేరుకుని జుట్టును గరుకుగా, బిరుసుగా చేస్తాయి, అల మందగిస్తుంది. లవణాలను పట్టి తీసే షాంపూలుంటాయి, వాటి మీద ఈడీటీఏ అని రాసి ఉంటుంది. నెలకు ఒకటి రెండుసార్లు వాడితే చాలు. చివరి చెంబు నీళ్లు మంచినీళ్లో వాననీళ్లో అయితే ఇంకా మేలు.

కొబ్బరినూనె మానేయాల్సిన పని లేదు. అది వెంట్రుకలోకి దిగగలదని, తలస్నానం ముందు రాస్తే వెంట్రుకలోంచి ప్రొటీన్ పోవడం తగ్గుతుందని 2003లో ప్రచురితమైన ఒక పరిశోధనలో తేలింది. మినరల్ నూనెకు, పొద్దుతిరుగుడు నూనెకు ఆ గుణం కనబడలేదు. కాబట్టి అమ్మ చెప్పినట్టు తలస్నానం ముందు రాత్రి రాసుకోండి. స్నానం తర్వాత మాత్రం రాయకండి, పాయలు బరువెక్కి అతుక్కుపోతాయి. కుంకుడు రసంతో రుద్దుకునే ఇళ్లలో జుట్టు శుభ్రపడుతుంది గాని గరుకుగా అవుతుంది, దాని తర్వాత కండిషనర్ తప్పనిసరి.

బండి మీద తిరిగేవాళ్లకు హెల్మెట్ పెద్ద పరీక్ష. తడి తల మీద హెల్మెట్ పెడితే జుట్టు అణిగి ఆ ఆకారంలోనే ఆరిపోతుంది, తీశాక ఏం చేసినా లేవదు. పూర్తిగా ఆరాకే పెట్టుకోండి. నుదుటి జుట్టును చేత్తో వెనక్కి పట్టి, హెల్మెట్‌ను ముందు నుంచి వెనక్కి దింపండి. లోపల పలచటి నూలు గుడ్డ కట్టుకుంటే చెమట పీలుస్తుంది. మధ్య నెలల్లో కళ్లలో పడుతోందని జుట్టును బిగించి ముడేసుకునే అలవాటు మాత్రం వద్దు. రోజూ అదే చోట లాగి కట్టడం వల్ల నుదుటి అంచున, కణతల దగ్గర కుదుళ్లు దెబ్బతిని జుట్టు రాలుతుంది. ఏళ్ల తరబడి సాగితే అక్కడ మళ్లీ మొలవకపోవచ్చు కూడా.

ఒక పరిమితి కూడా ఉంది. కణతల దగ్గర జుట్టు వెనక్కి తగ్గడం మొదలైనవాళ్లకు ఈ తీరు దాన్ని దాచదు. జుట్టంతా వెనక్కి వెళ్తుంది కాబట్టి నుదుటి అంచు పూర్తిగా బయటపడుతుంది. అలాంటివాళ్లు పాపిడిని పక్కకు జరిపి, ముందు పాయలు రెండు మూడింటిని కణత మీదికి వాలనివ్వవచ్చు. నడినెత్తి కూడా పలచబడుతుంటే పొడవు పెంచేకొద్దీ మాడు ఇంకా కనబడుతుంది. అప్పుడు మీడియం దగ్గరే ఆగడం మంచి నిర్ణయం.

పొడవు చేరుకున్నాక సెలూన్ పని తేలిక. పది, పన్నెండు వారాలకొకసారి తలంతా అర అంగుళం, మెడ దగ్గర మాత్రం అంగుళానికి కాస్త పైన తీయిస్తే ఆకారం నిలుస్తుంది. తారీఖు గుర్తు లేకపోయినా జుట్టే చెబుతుంది. మెడ పాయలు కాలరుకు తగిలి బయటికి మెలి తిరుగుతున్నా, దువ్వెన చివరి అంగుళంలోనే ఇరుక్కుంటున్నా, పాయల చివర అల పోయి పీచులా వేలాడుతున్నా వెళ్లే సమయం వచ్చినట్టే. వెళ్లినప్పుడు కత్తెర పెట్టకముందే వెనక అద్దం పట్టించుకుని మెడ భాగం మీరే చూసి, ఎక్కడిదాకా తీయాలో వేలు పెట్టి చూపించండి.